వెటకారం మెయిలెక్కితే

పన్నెండేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక కంపెనీ హెడ్డాఫీసులో అకౌంట్స్ చూసేవాణ్ణి. రాజమండ్రి బ్రాంచి అకౌంటెంటు నాకంటే పదిహేనేళ్లు పెద్దవారు. ప్రతి నెలా 3వ తేదీకల్లా ఆయన దగ్గర్నుంచి బ్యాంకు రీకన్సిలియేషన్ స్టేట్‌మెంటు రావాలి. మన పుస్తకాల్లో ఉన్న నిల్వకీ, బ్యాంకువాళ్లు చూపించే నిల్వకీ తేడా ఎందుకొచ్చిందో పద్దు పద్దునా చెప్పే పట్టీ అది. అది చేతికి రానిదే మా నెల లెక్కలు ముగియవు. ఆయన పట్టీ 6నో 7నో వచ్చేది. నేను ఫోన్ చేసి "ఏమండీ, పడవ మీద పంపించారా?" అనేవాణ్ణి. "ఆయ్, ఎదురు గాలండీ, మెల్లిగా వస్తోంది" అనేవారాయన. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. మర్నాడు పట్టీ వచ్చేది.

ఒక నెల అది 9వ తేదీ, శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి మెయిల్లో వచ్చింది. ఇంటికి బయల్దేరే తొందరలో ఇంగ్లీషులో ఒక్క వాక్యం కొట్టాను: "వావ్, సూపర్ ఫాస్ట్ యాజ్ ఆల్వేస్!" అంటే, ఎప్పట్లాగే ఎంత వేగమో అని. ఫోన్లో అనుకునే మాటకి కొనసాగింపే అది, నా మనసులో. అలవాటు కొద్దీ రిప్లై ఆల్ నొక్కాను. ఆయన తన మెయిలుకి వాళ్ల బ్రాంచి మేనేజర్ని సీసీలో పెట్టి ఉన్నారన్న సంగతి నేను చూసుకోలేదు.

సోమవారం ఆయన నా ఫోన్ ఎత్తలేదు. పదకొండు గంటలకి మెయిలు వచ్చింది. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలైంది. బ్యాంకు స్టేట్‌మెంటు తనకి ఏ తేదీన అందింది, ఏయే చెక్కులు ఇంకా బ్యాంకులో పడలేదు, తను ఎన్ని రోజులు సెలవులో ఉన్నారు, అన్నీ మూడు పేరాల్లో రాశారు. సీసీలో ఈసారి మా బాసు కూడా ఉన్నారు. ఆ తర్వాత తెలిసింది. నా వాక్యం ఆయనకంటే ముందు వాళ్ల మేనేజరు చదివారు. ఎప్పట్లాగే అన్న మాట పట్టుకుని, "అయితే ప్రతి నెలా ఇదే తంతన్నమాట" అని ఆయన్ని గదిలోకి పిలిచి అడిగారు. ఫోన్లో మా ఇద్దరి నవ్వులూ ఆ మేనేజరుకి తెలియవు. ఆయనకి కనిపించింది హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒక రాతపూర్వకమైన ఎత్తిపొడుపు.

అదే మాట ఫోన్లో ఎందుకు నవ్వు తెప్పించింది, మెయిల్లో ఎందుకు గాయం చేసింది? నేను చాలాకాలం ఆలోచించిన ప్రశ్న ఇది. దీనికి సగం జవాబు మన పాత అలంకారశాస్త్రంలోనే ఉంది. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడు వక్రోక్తిని రెండు రకాలన్నాడు. ఒకటి శ్లేష వల్ల పుట్టేది, రెండోది కాకువు వల్ల పుట్టేది. కాకువంటే గొంతులోని మార్పు. "నువ్వు రావు" అన్న రెండు మాటల్ని గొంతు తిప్పి పలికితే "నువ్వు రాకుండా ఉంటావా?" అన్న అర్థం వస్తుంది. అక్షరం మారలేదు, అర్థం తలకిందులైంది. నాటకానికి కాకువు ఎంత ముఖ్యమో నాట్యశాస్త్రం విడిగా చెప్పింది.

మన తెలుగు వెటకారమంతా దాదాపు ఈ కాకువు మీదే నిలబడుతుంది. "అబ్బో" లో ఓ కారం ఎంత సాగిందో, "చాలా బాగుంది" లో "చాలా" మీద ఎంత ఒత్తు పడిందో, దాన్నిబట్టి అది మెప్పో దెప్పో వినేవాడికి తెలుస్తుంది. "తమరు దయచేశారా" అన్న మాటలో ప్రతి అక్షరమూ మర్యాదే. ఆలస్యంగా వచ్చిన తమ్ముడితో అక్క ఆ మాట అన్నప్పుడు మాత్రం అందులో మర్యాద ఏమీ లేదని వాడికి వెంటనే తెలుస్తుంది. మెయిలు అక్షరాల్ని మోసుకెళ్తుంది. కాకువుని మోసుకెళ్లలేదు. గొంతుతో పాటు పెదవి చివర నవ్వు, ఎగరేసిన కనుబొమ్మ, అవతలివాడి ముఖం మారగానే "ఊరికే అన్నాలెండి" అని సర్దుకునే అర క్షణం, ఇవన్నీ దారిలో రాలిపోతాయి.

మరి రాసేవాడికి ఆ సంగతి ఎందుకు తట్టదు? ఎందుకంటే రాసేటప్పుడు వాడికి తన గొంతు వినిపిస్తూనే ఉంటుంది. దీన్ని చక్కగా చూపించిన ప్రయోగం ఒకటుంది. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు కొందరిని అందరికీ తెలిసిన పాటల్ని బల్లమీద వేలితో దరువుగా కొట్టమంది. ఎదుటివాళ్లు ఆ దరువు విని పాట పేరు చెప్పాలి. సగం మంది కనిపెడతారని కొట్టినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో కనిపెట్టగలిగింది మూడంటే మూడు. కొట్టేవాడి తలలో పాట మొత్తం, మాటలూ వాద్యాలతో సహా, మోగుతోంది. వినేవాడికి వినిపించింది టకటక మాత్రమే.

మెయిలు విషయంలో ఇదే సంగతిని 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ల సహచరులు నేరుగా పరీక్షించారు. మామూలు విషయాల మీద కొన్ని వాక్యాలు మనస్ఫూర్తిగా, కొన్ని వెటకారంగా పంపమన్నారు. కొందరు గొంతుతో చెప్పారు, కొందరు మెయిల్లో రాశారు. ఏది వెటకారమో ఎదుటివాళ్లు చెప్పాలి. నూటికి 78 సార్లు సరిగ్గా అందుతుందని పంపినవాళ్లు అంచనా వేశారు, గొంతుతో చెప్పినవాళ్లూ మెయిలు రాసినవాళ్లూ ఇద్దరూ అంతే అనుకున్నారు. గొంతు విన్నవాళ్లు 73 సార్లు సరిగ్గా చెప్పారు. మెయిలు చదివినవాళ్లు 56 సార్లే చెప్పగలిగారు. ఉన్నవి రెండే జవాబులు కాబట్టి రూపాయి బిళ్ల ఎగరేసినా 50 సార్లు సరిపోతుందని గుర్తుంచుకుంటే, ఈ 56 ఎంత తక్కువో తెలుస్తుంది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇంకో సంగతి. స్నేహితులకి రాసినా, ముక్కూ మొహం తెలియనివాళ్లకి రాసినా ఫలితం ఇంచుమించు ఒక్కటే. "ఆయనకి నా సంగతి తెలుసులే" అన్న ధీమాతోనే నేనా వాక్యం రాశాను.

చదివేవాళ్లకి కూడా తాము తప్పు చదువుతున్నామన్న అనుమానం రాదు. కాకువు లేని వాక్యానికి వాళ్లే ఒక కాకువుని అరువిస్తారు. ఆ అరువు వాళ్ల మనఃస్థితిలోంచి వస్తుంది. ఇల్లు దిగులుగా ఉన్న రోజు, పైవాడితో మాట పడ్డ రోజు, ఆ గొంతు కటువుగా మోగుతుంది. ఆఫీసు మెయిళ్లలో భావాలు ఎలా చెడిపోతాయో వివరిస్తూ క్రిస్టిన్ బైరన్ 2008లో రాసిన వ్యాసంలో రెండు దిగజారుళ్లు చెప్పింది. సంతోషంగా రాసిన మెయిలు మామూలు మెయిలుగా అందుతుంది. మామూలుగా రాసిన మెయిలు కోపంగా అందుతుంది. అంటే ప్రతి మెయిలూ గమ్యం చేరేసరికి ఒక మెట్టు చల్లబడుతుందన్నమాట. మామూలు వాక్యానికే ఈ గతి పడితే, పైకి మెప్పులా ఉండి లోపల దెప్పు దాచుకున్న వాక్యం సంగతి వేరే చెప్పాలా.

నా వాక్యంలో మరో రెండు తప్పులున్నాయి. అవి కాకువుకి సంబంధించినవి కావు. మొదటిది హోదా. నేను వయసులో చిన్నవాణ్ణే అయినా హెడ్డాఫీసువాణ్ణి, ఆయన పని సరిగా ఉందో లేదో చెప్పే స్థానంలో ఉన్నవాణ్ణి. ఆయన నన్ను ఆటపట్టిస్తే అది సరదా. ఆయన ఆలస్యాన్ని నేను ఆటపట్టిస్తే అది అభిప్రాయం, రేపు ఇంక్రిమెంటు కాగితంలోకి ఎక్కగల అభిప్రాయం. రెండోది వినేవాళ్ల సంఖ్య. ఇద్దరి మధ్య పుట్టిన హాస్యం మూడో మనిషి ముందు హాస్యంగా మిగలదు. సీసీలో పేరు చేరగానే వాక్యం మీద మాట్లాడే మనిషి మారకపోయినా, వినే మనిషి మారిపోతాడు. ఇంకా చేరబోయేవాళ్లూ ఉంటారు. ఫార్వర్డ్ అయిన మెయిలు ఆర్నెల్ల తర్వాత ఏ గొడవ మధ్యలోనో, ముందువెనకలు లేకుండా, ఒక ఆధారంగా తెరుచుకుంటుంది.

మన ఆఫీసుల్లో దీనికి భాష కూడా తోడవుతుంది. ఆలోచన తెలుగులో, రాత ఇంగ్లీషులో. "ఎంత తొందరగా పంపారండీ" అని తెలుగులో అనుంటే కనీసం ఆ "అండీ" కొంత చల్లదనం ఇచ్చేది, ఆయన గోదావరి చెవికి దాని వెనక రాగం కొంతైనా వినిపించేది. ఇంగ్లీషులోకి మారేసరికి ఆ రాగం నా తలలోనే ఆగిపోయింది. అమెరికాలోని క్లయింటుకి రాసే కుర్రవాడి పరిస్థితి ఇంకా కష్టం. వాళ్లు సరదాగా "గ్రేట్ జాబ్" అంటే ఇది నిజమా వెక్కిరింపా అని ఇతను రాత్రంతా ఆలోచిస్తాడు. ఇతను గౌరవంగా "కైండ్లీ" అని రాస్తే వాళ్లలో కొందరికి అది గదమాయింపులా వినిపిస్తుంది.

ఇదంతా కొత్త ఇబ్బంది కాదు. కంప్యూటర్ తెర మీద మాట రాయడం మొదలైన తొలి రోజుల్లోనే వచ్చింది. 1982 సెప్టెంబరులో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ విభాగంవాళ్లు తమలో తాము సందేశాలు పెట్టుకునే చోట, ఒకరు భౌతికశాస్త్రపు చిక్కుప్రశ్న వేశారు. తాడు తెగి కిందికి పడుతున్న లిఫ్టులో వెలుగుతున్న కొవ్వొత్తీ, పాదరసపు బొట్టూ ఏమవుతాయి అని. దాని మీద ఇంకొకరు హాస్యంగా, ఒక ప్రయోగం వల్ల ఎడమ చివరి లిఫ్టు పాదరసంతో కలుషితమైంది, కాస్త కాలింది కూడా, శుక్రవారం పొద్దున్నకి శుభ్రం చేస్తాం అని హెచ్చరిక ఒకటి రాశారు. ముందు జరిగిన సంభాషణ చదవనివాళ్లు అది నిజమనుకున్నారు. హాస్యానికి ఏదో గుర్తు పెట్టాలన్న చర్చ అప్పుడు లేచింది. సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ అనే అధ్యాపకుడు, హాస్యానికి :-) అనీ, హాస్యం కానిదానికి :-( అనీ వాడుకుందామని ప్రతిపాదించాడు. ఇవాళ మన ఫోన్లలో ఉన్న నవ్వు ముఖాల వంశం అక్కడ మొదలైంది.

అయితే నవ్వు బొమ్మ పెడితే సరిపోతుందా? నా వాక్యం చివర అది పెట్టి ఉంటే నేను నవ్వుతున్నానని బ్రాంచి మేనేజరుకి తెలిసేదే. హెడ్డాఫీసువాళ్లు మన ఆలస్యాన్ని చూసి నవ్వుతున్నారని కూడా తెలిసేది. బొమ్మ రాసినవాడి ముఖం చూపిస్తుంది, దెబ్బ ఎవరి మీద పడిందో మార్చదు. పైగా కొత్త పరిచయాల్లో దాని వల్ల వేరే నష్టం ఉంది. ఎల్లా గ్లిక్సన్, ఆమె సహచరులు 2017లో ప్రకటించిన పరిశోధనలో, ముఖపరిచయం లేనివాళ్లకి రాసిన తొలి ఆఫీసు మెయిలులో నవ్వు బొమ్మ చదివేవాళ్లకి ఆప్యాయతని పెంచలేదు, రాసినవాళ్లకి పని తెలియదేమో అన్న భావం మాత్రం కలిగించింది. ఎదుటివాళ్లు ముందు వాడితే మనమూ వాడటం, అదీ మంచి వార్త పక్కనే పెట్టడం నాకు తోచిన హద్దు. ఫిర్యాదు పక్కన నవ్వు బొమ్మ పెడితే ఫిర్యాదే ముదురుతుంది.

అలాగని ఆఫీసు మెయిలు ప్రభుత్వ నోటీసులా ఉండాలని నేను అనను. దెబ్బ తిన్న తర్వాత నేను కొన్నాళ్లు అలాగే రాశాను. "రిసీవ్డ్. నోటెడ్." అంతే. బైరన్ చెప్పిన రెండో దిగజారుడు నాకు అప్పుడు అర్థమైంది. నాకు కోపం వచ్చిందని మిగతా బ్రాంచీలవాళ్లు అనుకోవడం మొదలుపెట్టారు. ఆప్యాయత ఉండాలి, అది గొంతు లేకపోయినా నిలబడే రకంగా ఉండాలి.

అలాంటిది ఎక్కడ దొరుకుతుందో చూడటానికి ఆ శుక్రవారం మెయిలునే మళ్లీ రాసి చూద్దాం. అసలు నేను చెప్పదలుచుకున్నవి మూడు. పట్టీ అందింది. ఆలస్యమైంది, దానివల్ల నాకు ఇబ్బంది అయింది. మీ మీద నాకు ఇష్టం తగ్గలేదు. వెటకారం ఈ మూడింటినీ ఒకే వాక్యంలో కుక్కింది, ఏదీ సరిగ్గా అందలేదు. విడదీస్తే ఇలా వస్తుంది:

"నమస్కారమండీ. పట్టీ అందింది. పాత చెక్కులు తొమ్మిదింటినీ తేదీలవారీగా విడిగా చూపించారు, నా పని చాలా తగ్గింది, థాంక్సండీ. వచ్చే నెల 3కల్లా పంపడానికి బ్యాంకు స్టేట్‌మెంటు అడ్డమవుతోందా? అయితే చెప్పండి, ఇక్కణ్ణుంచి నేను బ్యాంకుతో మాట్లాడతాను. సోమవారం ఫోన్ చేస్తాను."

ఇందులో హాస్యం లేదు. ఆప్యాయత మాత్రం మొదటి వాక్యంకంటే ఎక్కువే ఉంది, అది ఒక వివరంలో ఉంది. తొమ్మిది చెక్కులు అన్నానంటే ఆయన పంపింది నేను తెరిచి చూశానన్నమాట. "గ్రేట్ వర్క్" అన్న మాటని వెక్కిరింపుగా చదవొచ్చు. "తొమ్మిది చెక్కులు తేదీలవారీగా చూపించారు" అన్నదాన్ని ఏ గొంతుతో చదివినా వెక్కిరింపు కాదు. పేరు పెట్టి చెప్పిన మెప్పుకి కాకువు అక్కర్లేదు. ఆలస్యం గురించి ఉన్న వాక్యం ప్రశ్నగా ఉంది, నిజంగా జవాబు కోరే ప్రశ్న. దాని పక్కనే నేను చేయగల పని ఉంది. ఇది పంపేటప్పుడు "టు" లో ఆయన ఒక్కరే ఉండాలి. ఆలస్యం సంగతి మేనేజరుకి తెలియాల్సి వస్తే అది వేరే మెయిలు, దానికి ముందు ఆయనతో ఒక మాట.

పంపే ముందు పరీక్ష ఒకటుంది. క్రూగర్ బృందమే తమ ప్రయోగాల్లో ఒకదాంట్లో రాసినవాళ్లచేత వాక్యాన్ని ఉద్దేశించిన గొంతుకి విరుద్ధమైన గొంతుతో పైకి చదివించింది. అలా చదివాక వాళ్ల అతినమ్మకం తగ్గింది. సరదాగా రాసినదాన్ని మీకు బొత్తిగా గిట్టనివాడి గొంతుతో, తలుపు వేసుకుని, నిజంగా పైకి చదవండి. "సూపర్ ఫాస్ట్ యాజ్ ఆల్వేస్" ని అలా చదివితే నాకు ఆ శుక్రవారమే తెలిసిపోయేది. పైన రాసిన రెండో మెయిలుని ఎంత కటువుగా చదివినా అది కటువు కాదు.

హాస్యం లేకుండా ఉండలేని మనుషులుంటారు, వాళ్లుంటేనే ఆఫీసుకి వెళ్లబుద్ధేస్తుంది. మెయిల్లో వాళ్ల హాస్యానికి చోటు ఉంది, అది ఇద్దరికీ సమానంగా తగిలే విషయాల మీద. ఎండలు, కరెంటు, ఆఖరి నిమిషంలో మొరాయించిన ప్రింటరు. ఎవరి పని మీదా, ఎవరి ఊరి మీదా, ఎవరి యాస మీదా వద్దు. తమ మీద తాము వేసుకునేది కూడా క్షేమం అనుకోకండి. పై అధికారి "నాకు ఈ లెక్కలు అర్థం కావులే" అని సరదాగా రాస్తే, కొత్తగా చేరిన అమ్మాయి నిజమనుకుని నాలుగు పేజీల వివరణ తయారుచేస్తుంది. మిగతా హాస్యమంతా ఫోనుకి, టీ బల్లకి దాచుకోవడం మేలు. మావాళ్లలో ఒకావిడ ఎవరి మీదైనా చమత్కారం తట్టగానే మెయిలు మూసేసి నేరుగా ఫోన్ తీసేది.

చదివేవైపు ఉన్నప్పుడు చేయగలిగింది ఒకటే నాకు తెలుసు. గుచ్చుకున్న మెయిలుకి ఆ గంటలో జవాబు రాయకుండా, ఆ వాక్యాన్ని మీకు ఇష్టమైన మనిషి గొంతుతో ఒకసారి చదవడం. అప్పటికీ గుచ్చుకుంటే ఫోన్ చేసి "ఆ మాట నాకు సరిగా అర్థం కాలేదండీ, ఏ ఉద్దేశంతో అన్నారు?" అని అడగడం. నిజంగానే దెప్పి ఉంటే ఆ ప్రశ్నకి అవతలివాళ్లు తడబడతారు, అదీ తెలుస్తుంది. ఎందుకంటే అన్ని చేదు మెయిళ్లూ అపార్థాలు కావు. కావాలని దెప్పి, పట్టుబడ్డాక "జోక్ చేశాను" అనేవాళ్లు ఉంటారు. అదే మనిషి అదే పని మూడోసారి చేస్తే అపార్థం అనుకోనక్కర్లేదు.

వెటకారం బెడిసికొట్టాక నేను చేసిన మొదటి పని కూడా తప్పే. "అది జోక్ అండీ, సీరియస్‌గా తీసుకోకండి" అని మెయిలు పెట్టాను. నొచ్చుకోవడమే ఆయన పొరపాటన్నట్టు అయింది. చేయాల్సింది రెండు పనులు, ఆ వరసలోనే. ముందు ఫోన్, అందులో వివరణ లేని క్షమాపణ. తర్వాత, ఆ వాక్యం ఎవరెవరు చదివారో వాళ్లందరికీ ఒక మెయిలు, ఎందుకంటే మాట పడ్డది వాళ్ల ఎదుట. నేను ఇది మూడు నెలలు ఆలస్యంగా, లెక్కల పనిమీద రాజమండ్రి వెళ్లినప్పుడు ఎదురుగా కూర్చుని చేశాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "మా అమ్మని ఆ వారం ఆస్పత్రిలో పెట్టామండీ. మీకు చెబుదామనే ఆ సోమవారం ఫోన్ చేద్దామనుకున్నాను" అన్నారు. తిరిగొచ్చిన సాయంత్రమే బ్రాంచి మేనేజరుకీ, మా బాసుకీ కలిపి నాలుగు లైన్లు రాశాను. ఆ వాక్యం తొందరపాటుతో రాసిందనీ, ఆ నెల ఆలస్యానికి కారణం ఆయన ముందే వాళ్ల బ్రాంచిలో చెప్పారనీ, ఆయన పట్టీల్లో మాకు ఎప్పుడూ తప్పు దొరకలేదనీ. తర్వాతి నెల 5న పట్టీ వచ్చింది. పైన "రెస్పెక్టెడ్ సర్" లేదు, "నమస్కారం సార్" అని ఉంది.